ఏడుగురి సైకిలు

చంద్రవ్వకు ఊరికే కోపం వస్తుందని జక్రాన్‌పల్లిలో అందరూ అంటారు. అది ఉత్త అబద్ధం. ఆమెకు కోపం ఎప్పుడూ కారణంతోనే వస్తుంది. ఆ కారణం మిగతావాళ్ల కంటికి కొంచెం ఆలస్యంగా ఆనుతుంది, అంతే.

అరవై ఏడులో జరిగిన సంగతే చూడండి. చంద్రవ్వ తమ్ముడు నర్సన్నది బోధన్‌కు రెండు కోసుల దూరంలో చెరకు పండే ఊరు. అతని కూతురు సులోచన ఆ ఏడు ఏడో తరగతి పాసైంది. ఊళ్లో బడి ఏడుతో సరి. పైన చదవాలంటే బోధన్ హైస్కూలే గతి. రోజూ అంత దూరం నడిచి పోయి రావడమంటే పెద్దవాళ్లకే కాళ్లు పడిపోతాయి. పైగా రెండు పక్కలా మనిషెత్తు చెరకు తోటలు. ఒంటి పిల్లను ఆ దారిన పంపనని తల్లి రేణుకమ్మ తెగేసి చెప్పింది. సైకిలుంటే ఎట్లాగో పోయేది. కానీ నర్సన్నకు చెరకు బిల్లు ఇలా వస్తే అలా అప్పులవాళ్లకు పోతుంది. సైకిలు ఎక్కడినుంచి తెస్తాడు?

అదే వేసవిలో సులోచనకు లంగా ఓణీ కట్టించే పండుగ పెట్టుకున్నారు. పండుగంటే చుట్టాలు కట్నాలు తెస్తారు. ఏం తెస్తారు? రైకబట్ట, కొబ్బరికాయ, ఇస్టీలు గ్లాసు. అంతకు ముందేడు ఏర్గట్లలో దాయాదుల పిల్ల పండుగలో చంద్రవ్వ కళ్లారా చూసింది. చాప మీద పద్నాలుగు రైకబట్టలు పేరుకున్నాయి. ఆ పిల్లకు ఒక్కటీ సరిపోయే రంగు కాదు. తల్లి వాటిని మడతపెట్టి పెట్టెలో దాచి, తర్వాత ఏ పండుగ వస్తే ఆ పండుగకు ఒక్కొక్కటే పట్టుకుపోయింది. చివరికి చంద్రవ్వ తాను పెట్టిన ఆకుపచ్చ చుక్కల బట్టే ఎవరి చేతుల మీదుగానో తిరిగి తిరిగి మళ్లీ తన ఒడిలోకే వచ్చి పడింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. "థూ! ఇంతమంది ఇన్ని పైసలు పెట్టి ఒక్క పిల్లకు ఒక్క పనికొచ్చే సామాను కొనలేకపోయిండ్రు!" అంది.

అందుకే ఈసారి పసుపు అమ్మిన పైసలు కొంగున ముడేసుకుని బయల్దేరింది. భర్త పోయినప్పటినుంచి ఎకరమున్నర పసుపు చేను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఒకరిని అడిగే అలవాటు ఆమెకు లేదు, కానీ మేనకోడలి కోసం ఇల్లిల్లూ తిరిగింది.

"నువ్వు రైకబట్టకు, గ్లాసుకు, కొబ్బరికాయకు ఎంత పెడతవో, గంత నా చేతుల పెట్టు. ఎక్కువ అడుగుతలేను. అందరియి కలిపి పిల్లకు సైకిలు కొందాం" అని చెప్పింది.

ఆలోచన బాగానే ఉందన్నారు. కానీ ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "మరి కట్నం చదివేటప్పుడు ఎవరి పేరు చదువుతరు?"

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఆ వైపు పండుగల్లో కట్నం చదవడమంటే కోర్టులో తీర్పు చదవడం లాంటిది. ఒక పెద్దమనిషి పందిట్లో నిలబడి, ఫలానా ఇంటివాళ్లు ఫలానాది పెట్టారని గొంతెత్తి చెబుతాడు. అందరూ వింటారు, గుర్తు పెట్టుకుంటారు. రేపు ఆ ఇంట్లో పండుగైతే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. పేరు చదవకపోతే పెట్టినట్టే కాదు. పది రూపాయల గ్లాసుకైతే పేరుంటుంది, రెండొందల సైకిల్లో పాతిక రూపాయలకు పేరేముంటుందని వాళ్ల గుబులు.

"ఏడుగురి పేర్లూ చదువుతరు" అని చంద్రవ్వ అందరికీ మాట ఇచ్చింది. "సైకిలు నడుమ నిలబెట్టి, దీనిల ఫలానాయన గింత, ఫలానామె గింత అని ఒక్కొక్కటే చదివిపిస్త. నాది పూచీ. ఆ దినం మల్లీ యాది మరిచి రైకబట్టలు తేకుండ్రి. ఒక్కరు తెచ్చినా మిగిలినోళ్లు తేనట్టు కనబడతది."

అలా ఒప్పుకున్నారు. చంద్రవ్వ అరవై వేసింది. నర్సన్న దాయాది భూమన్న ముప్పై ఇచ్చాడు. ఊళ్లో కట్నాలు చదివేది ఆయనే. ఏర్గట్లలోని దాయాదులు, ఇద్దరు అన్నదమ్ములు, తలా కొంత, రేణుకమ్మ చెల్లెలు పాతిక. రేణుకమ్మ తల్లి తిరుపతమ్మ మేకపిల్లను అమ్మి ఇరవై రూపాయలు తెచ్చింది. ఆ ముసలామె కొడుకు ఇంట్లో ఉంటుంది, కానీ మేక ఆమెదే. ఇక ఆ కొడుకు రాజలింగు, అంటే సులోచనకు మేనమామ, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఉద్యోగస్తుడు. ఇస్త్రీ చొక్కా మనిషి. అతను నలబై వేశాడు. మొత్తం రెండొందల ముప్పై. నిజామాబాద్‌లో మంచి సైకిలు ఆ ధరకు వస్తుంది.

ఇక్కడే చంద్రవ్వ పొరపాటు చేసింది. ఆ పైసలన్నీ తీసుకుపోయి రాజలింగు చేతిలో పెట్టింది. పెట్టక తప్పదనుకుంది. ఆడపిల్ల పండుగలో మొదటి వస్తువు మేనమామ చేతిమీదుగా రావాలి. మేనమామ కన్నా ముందు ఎవరు పెట్టినా తప్పంటారు. అతని చేతిమీదుగా వస్తే ఆచారానికి ఆచారం, సైకిలుకు సైకిలు అనుకుంది.

"ఆడోళ్ల సైకిలు తేవాలె రాజలింగూ. నడుమ కడ్డీ లేనిది. పిల్ల లంగా ఓణీ మీద ఎక్కాలె గదా" అని రెండుసార్లు చెప్పింది.

"నాకు తెల్వదా వదినా! ఫస్టు క్లాసు సైకిలు తెస్త సూడు" అన్నాడు రాజలింగు, నోట్లు లెక్కబెట్టి జేబులో పెట్టుకుంటూ.

పండుగ రోజు నర్సన్న వాకిట్లో పందిరి వేశారు. సులోచనను పీట మీద కూర్చోబెట్టారు. పిల్ల కళ్లు మాత్రం వీధి మొదట్లోనే ఉన్నాయి. సైకిలు సంగతి ఆమెకు ముందే తెలిసిపోయింది. ఏడుగురికి తెలిసిన మాట పిల్లకు తెలియకుండా ఉంటుందా? మాట ప్రకారం చుట్టాలందరూ ఉత్త చేతులతో వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంచెం మొహమాటంగా కూర్చున్నారు.

డప్పుల చప్పుడుతో రాజలింగు వచ్చాడు. ముందు అతని భార్య పళ్లెంలో పట్టుచీర, గాజులు పట్టుకుని నడుస్తోంది. వెనక అతని కొడుకు బాలన్న సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. బాలన్నకు ఇరవై ఏళ్లుంటాయి. ఆ ఏడే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సైకిలుకు బంతిపూల దండ వేశారు. నల్లగా, పొడుగ్గా మెరుస్తోంది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు.

చంద్రవ్వ దండను చూడలేదు. దండ కింద కడ్డీని చూసింది. మగవాళ్ల సైకిలు! బాలన్న ఎత్తుకు కొలిచి తెచ్చినట్టుంది. ఆమె గుండెలో మంట భగ్గుమంది. అయినా పళ్లు బిగబట్టింది. ముందు పేర్లు చదవనీ, తర్వాత ఈ కడ్డీ సంగతి చూద్దాం అనుకుంది.

భూమన్న గొంతు సవరించుకున్నాడు. "మేనమామ రాజలింగు, పట్టుచీర, గాజులు... ఒక సైకిలు!"

పందిరంతా ఆహా అంది. చంద్రవ్వ వేచి చూసింది. భూమన్న ఆమె వైపు చూడలేదు. తర్వాతి పేరు చదివాడు.

"మేనత్త చంద్రవ్వ..."

అక్కడ ఆగాడు. చాప మీద చంద్రవ్వ పేరుకు ఏమీ లేదు. ఊరివాళ్ల తలలు ఆమె వైపు తిరిగాయి. సొంత మేనత్త, ఒక్కగానొక్క మేనకోడలి పండుగకు కొబ్బరికాయ కూడా తేలేదా అని ఎవరో ఆడమనిషి గుసగుసలాడింది. ఏర్గట్ల అన్నదమ్ముల్లో పెద్దవాడు అది విన్నాడు. తన పేరు రాకముందే రొండిన దోపుకున్న సంచీ విప్పి పది రూపాయల నోటు తీసి చాప మీది కట్నాల పళ్లెంలో వేశాడు. అది చూసి తమ్ముడూ వేశాడు. రేణుకమ్మ చెల్లెలు మొగుడి జేబు తడిమి దొరికిన పద్దెనిమిదీ వేసింది. అలా ఒక్కొక్కరే, ఒకసారి పెట్టినవాళ్లే, పరువు కోసం మళ్లీ పెట్టారు. చదివే భూమన్న సైతం చేతిలో ఉన్న ఐదు రూపాయలు పళ్లెంలో వదిలాడు! తన ముప్పై సైకిల్లో ఉందని ఆయనకు తెలియదా? తెలుసు. పందిట్లో మేనమామను కాదనే నోరు ఆయనకు లేదు.

అప్పుడు రాజలింగు భార్య చీర పళ్లెం సులోచన ఒడిలో పెట్టి, అందరికీ వినబడేట్టు అంది. "ఇగ మా కోడలి పిల్లే. వచ్చే ఎండకాలం ముహూర్తం పెట్టుకుందాం. గీ సైకిలు అందాక మా బాలన్న డ్యూటీకి తొక్కుతడు. ఇంట్ల ఉండే పిల్లకు సైకిలెందుకు?"

మేనమామ పండుగలో ఇంత పెద్ద వస్తువు పెడితే దాని అర్థం ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పిల్లను అడిగినట్టే. తల్లిదండ్రులు తీసుకున్నారంటే ఒప్పుకున్నట్టే. అందుకే కడ్డీ. అందుకే ఒక్క పేరు. బడికి పంపడానికి ఏడుగురు పోగేసిన పైసలతో పిల్ల బడిని మాన్పించే బేరం జరుగుతోంది. పీట మీద సులోచన తల వంచుకుంది. రేణుకమ్మ మాత్రం అన్నను చూసి మురిసిపోతోంది. పుట్టింటివాళ్లు ఊరంతా చూసేట్టు పెట్టారు కదా! నర్సన్న పందిరి గుంజను పట్టుకుని నేల చూస్తున్నాడు.

చంద్రవ్వ లేచి నిలబడింది.

"భూమన్నా, ఆ సైకిలు మల్ల సదువు."

"గదేంది చంద్రవ్వా, సదివిన గదా..."

"ఒక్క పేరే సదివినవ్. దాంట్ల ఏడు పేర్లున్నయ్. నీ పేరు గూడ ఉన్నది. నీ ముప్పై రూపాయలు ఏ చక్రంల పోయినయో సూసుకొని సదువు!"

రాజలింగు నవ్వాడు. "వదినకు ఎండ తగిలినట్టుంది. ఎవరో తలా రూపాయి ఏసినంత మాత్రాన సైకిలు వాళ్లది అయితదా? పైసలు నా చేతికి ఇచ్చిండ్రు. మేనమామ చేతిమీద వచ్చింది మేనమామ కట్నమే. ఆచారం అట్లున్నది."

"ఆచారమా? నీ చెయ్యి ముందు పెడ్తువు గదా అని నీకిచ్చినం. మా పైసలు మింగుమని ఇయ్యలే! ఏడుగురం ఇచ్చినం. ఒక్కొక్కరు లేచి చెప్పుండ్రి. నేను అరవై ఇచ్చిన. ఇగ చెప్పుండ్రి!"

ఎవరూ లేవలేదు. చంద్రవ్వ ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది. ఏర్గట్ల అన్నదమ్ములు చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తున్నారు. రేణుకమ్మ చెల్లెలు ఏడవలేక నవ్వుతోంది. సొంత అన్న మీద ఎట్లా చెబుతుంది? చంద్రవ్వకు రాజలింగు మీద కన్నా వీళ్ల మీదే ఎక్కువ మండింది. దొంగకు కనీసం ధైర్యమైనా ఉంది. వీళ్లకు అదీ లేదు. మళ్లీ మళ్లీ పైసలైనా పెడతారు కానీ నిజం ఒక్కసారి చెప్పరు.

"నోర్లు పడిపోయినయా మీకు? నేను మీ ఇండ్ల గడప తొక్కినప్పుడు పేర్లు, పేర్లు అని మొత్తుకుంటిరి గదా! ఇప్పుడు పేరు అడిగితే ఎవరికీ లేదు!"

అప్పుడు మూలనుంచి ఒక సన్నటి గొంతు వచ్చింది. తిరుపతమ్మ. రాజలింగును కన్నతల్లి, అతని ఇంట్లో అతను పెట్టింది తింటున్న మనిషి.

"నాయి ఇరవై. మేకపిల్లను అమ్మిన. నా మనవరాలు బడికి పోతదని అమ్మిన. నీ కొడుకు డ్యూటీకి పోతడని అమ్మలే రాజలింగూ."

రాజలింగు ముఖం నల్లబడింది. "నువ్వు నోరు ముయ్యవే అవ్వా!"

"ఎందుకు ముయ్యాలె?" అని ముసలామె చాప మీద గట్టిగా కూర్చుంది. తల్లే చెప్పాక మిగతావాళ్లకు సిగ్గేసింది. ఏర్గట్ల పెద్దవాడు లేచి, తనది ముప్పై అన్నాడు. తమ్ముడు తన పాతిక చెప్పాడు. రేణుకమ్మ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. చివరికి భూమన్న కూడా. ఊరివాళ్లు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. మేనమామ వాటా నలబై అని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది.

"ఓహో! నా ఇజ్జత్ తీస్తరా?" రాజలింగు అరిచాడు. "అయితే నా నలబై నాకు పారెయ్యుండ్రి! ఆ నలబై లేకుంటే సైకిలే లేదు. సైకిలును కోసి పంచుకుంటరా? లేకుంటే బాలన్నా, పట్టుకురా దాన్ని, పోదాం!"

అతని ధీమా అదే. పందిట్లో అప్పటికప్పుడు నలబై ఎవరి దగ్గర ఉంటాయి? కానీ చంద్రవ్వ చాప మీది కట్నాల పళ్లెం వైపు నడిచింది. పరువు కోసం రెండోసారి వేసిన నోట్లన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని గుప్పిట పట్టి పైకెత్తింది.

"గివి మీయే గదా? అబద్ధం కోసం ఏసిండ్రు. నిజం కోసం వాడుకోవచ్చునా?"

ఏర్గట్ల పెద్దవాడు తలూపాడు. ఎవరూ కాదనలేదు. చంద్రవ్వ అందరి ముందు నోట్లు లెక్కపెట్టి నలబై తీసి, రాజలింగు ఇస్త్రీ చొక్కా జేబులో తానే దోపింది. మిగిలిన మూడు రూపాయలు సులోచన ఒడిలో వేసి, ఒడిలోని పట్టుచీర, గాజుల పళ్లెం తీసి మేనమామ భార్య చేతికి తిరిగిచ్చింది.

"ఇగ చదువు భూమన్నా. మొత్తం చదువు."

భూమన్న మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. "ఒక సైకిలు. దానిల మేనత్త చంద్రవ్వ, అమ్మమ్మ తిరుపతమ్మ, పిన్నమ్మ, ఏర్గట్ల అన్నదమ్ములు ఇద్దరు, భూమన్న..." ఆగాడు.

"మేనమామ పేరు?" అంది చంద్రవ్వ.

"ఒద్దు వదినా!" రేణుకమ్మ కేక వేసింది.

"చదువు!"

"మేనమామ రాజలింగు... ఏం లేదు."

రాజలింగు పందిరి గుంజను తన్ని బయటికి నడిచాడు. భార్య, కొడుకు వెనకే పోయారు. తిరుపతమ్మ కదల్లేదు. ఆ రాత్రి తాను ఎక్కడ పడుకుంటుందో ఆమె ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

రేణుకమ్మ అప్పుడు చంద్రవ్వ మీద విరుచుకుపడింది. "సల్లబడ్డదా నీ కడుపు? నా పుట్టింటి తొవ్వ మూసేసినవ్! మా అన్న మొఖం ఇగ నేను ఎట్ల సూడాలె? ఏ సైకిలు కోసం గీ రచ్చ చేసినవో, ఆ సైకిలు మీద నా పిల్లను ఎక్కనిస్తనేమో సూడు. బడి లేదు, ఏం లేదు!"

"తమ్మీ!" చంద్రవ్వ నర్సన్న వైపు తిరిగింది. "నువ్వన్నా మాట్లాడు. పిల్లను బడికి పంపుతవా, లేదా? గుంజను ఇడిసిపెట్టి చెప్పు!"

నర్సన్న గుంజను వదల్లేదు, నోరూ విప్పలేదు. అంతమంది అంత చేసి, ఇంత కోపం ఖర్చుపెట్టి, చివరికి తండ్రి నోట ఒక్క మాట రాదా! చంద్రవ్వకు తమ్ముణ్ణి కొట్టాలనిపించింది. పిల్ల కూడా పీట మీద లేదని అప్పుడే గమనించింది.

సులోచన లంగాను పైకి దోపుకుంది. సైకిలు మీద బంతిపూల దండను తీసి పక్కన పడేసింది. కడ్డీ ఆమె ఛాతీ దాకా వస్తోంది. ఎక్కి కూర్చోవడం జరిగే పని కాదు. ఆమె ఎక్కలేదు. కడ్డీ కిందినుంచి ఒక కాలు అవతలికి దూర్చి, సైకిలును ఒక పక్కకు వంచి, కైంచీ తొక్కడం మొదలుపెట్టింది. పాలు పోసే రాందాస్ సైకిలు మీద ఎన్నాళ్లనుంచి దొంగతనంగా నేర్చుకుందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పిల్లా సైకిలూ కలిసి వంకర టింకరగా పందిరి దాటి వీధిలోకి పడ్డాయి.

"ఏయ్ పిల్లా! పడుతవే!" రేణుకమ్మ కేక పెట్టింది. ఏడుపు ముఖంతోనే చెంగున దూకి పరుగెత్తింది. కొంగు జారుతున్నా చూసుకోలేదు. వెనకనుంచి సైకిలు క్యారియరు రెండు చేతులతో పట్టుకుంది.

అందరూ ఆపేస్తుందనుకున్నారు. ఆమె ఆపలేదు. క్యారియరు పట్టుకుని వెనకే పరుగెత్తుతూ, "ముందుకు సూడు! నన్ను గాదు, తొవ్వ సూడు!" అని పిల్లను తిడుతోంది.

చంద్రవ్వ పందిట్లోనే నిలబడి వాళ్లిద్దరూ మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపి చుట్టాల వైపు తిరిగింది. కోపం ఆమెకు ఇంకా దిగలేదు.

"ఏం సూస్తుండ్రు? కడ్డీ లేని సైకిలుకు మార్పించుకొని రావాలె. నిజామాబాద్ దాక ఎవరొస్తరు నాతోటి?"

గుంజను వదిలి మొట్టమొదట ముందుకొచ్చింది నర్సన్న.